ఇంటర్వ్యూలో "తోటి ఉద్యోగితో పేచీ వచ్చిందా?" అని అడిగితే జవాబు చెప్పడం ఎలా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్‌లో సూపర్‌వైజర్ ఉద్యోగానికి వెళ్లారనుకోండి. "మాకెవరితోనూ గొడవల్లేవండి" అంటే ఎవరూ నమ్మరు. ఇల్లు, కులం, అప్పు కాకుండా పనిలో వచ్చి, పనిలోనే తేలిపోయిన పేచీ ఒక్కటి ఎంచుకోండి. మొత్తం జవాబు నిమిషంన్నర దాటకూడదు.

జరిగింది రెండు వాక్యాల్లో చెప్పేయాలి. "చెరువు గట్టు మీద కొనుగోలు చూసే ఆయన 40 కౌంట్ రాశారు. ప్లాంట్‌లో నేను లెక్కపెడితే 42 వచ్చింది." కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలని. అది పెరిగితే రైతుకి రేటు తగ్గుతుంది కాబట్టి పేచీ ఎందుకొచ్చిందో వినేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కోచింగ్ సెంటర్లలో ఈ భాగాన్నే సాగదీయమంటారు. దండగ.

అసలు చిక్కు తర్వాతే. అవతలి మనిషి అలా ఎందుకు చేశాడో, ఆయనే ఎదురుగా కూర్చుని వింటే "అవును, అంతే" అనేలా చెప్పాలి. "ఆయన సరిగ్గా చూసుకోలేదు" అంటే నింద. "పాపం, ఆయనకి అనుభవం తక్కువ" అన్నా నిందే, జాలి పూత పూసిందంతే. "నేనే ఓపిక పట్టాను" అన్నారో, ఆయన ఓపిక లేనివాడని చెప్పినట్టే. పోనీ మంచితనానికి "తప్పంతా నాదే" అనేస్తే, మీకు లెక్కపెట్టడం రాదనుకుంటారు.

ఇలా చెప్పండి: "ఆయన తెల్లవారుజామున, రైతు ఎదురుగా, బండి ఎక్కించే తొందరలో తూస్తారండి. ఆలస్యమైతే సరుకు వేడెక్కుతుంది. ఆయన తూచినప్పుడు రొయ్యకి నీళ్లున్నాయి, నేను తూచేసరికి కారిపోయాయి. నీళ్ల బరువు కలిస్తే కిలోకి రొయ్యలు తక్కువ పడతాయి. ఇద్దరి లెక్కా కరెక్టే."

ఇక్కడే మీ వాటా ఒక్కటి, చిన్నదైనా నిజమైనది, చెప్పాలి. "ఆయనకి ఫోన్ చేయకుండా నేరుగా మేనేజర్‌కి చెప్పాను. అది నా పొరపాటండి." దాని వెనకాలే "కానీ" అని మొదలుపెడితే చెప్పిందంతా గోదాట్లో కలిసినట్టే.

ముగింపులో చేసిన పని చెప్పండి, రాజీ కబుర్లు వద్దు. "మర్నాడు ఒకే క్రేట్‌లోంచి తీసిన రొయ్యల్ని ఇద్దరం నీళ్లతో ఒకసారి, ఓడ్చాక ఒకసారి తూచాం. 40, 42 వచ్చాయి. అప్పట్నుంచి గట్టు మీద కూడా రెండు నిమిషాలు ఓడ్చాకే తూస్తున్నారు."

తర్వాత "ఆయన్ని అడిగితే ఏమంటారు?" అని తప్పకుండా అడుగుతారు. ఈ చుట్టుపక్కల ప్లాంట్లవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే, నిజంగానే ఫోన్ చేసి అడగొచ్చు. "ముందు నా దగ్గరికి రావాల్సింది అంటారండి" అని చెప్పి ఆపేయండి.