సెలెక్షన్ సార్ట్‌లో స్వాప్‌లు లెక్కపెట్టడం ఎలా? రాతలు తగ్గించుకోవాల్సింది ఎప్పుడు?

ఆర్డుయినో ఊనో R3 బోర్డులో ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ ఉంటుంది. కరెంటు పోయినా అందులోని విలువలు చెరిగిపోవు. సైజు 1024 బైట్లు. ఒక బైటు రాయడానికి దాదాపు 3.3 మిల్లీసెకన్లు పడుతుంది. చదవడం మాత్రం మైక్రోసెకన్ల పని. పైగా ఒక్కో గడి సుమారు 1,00,000 రాతలకు మాత్రమే హామీ ఇస్తుంది, చదవడం వల్ల అరగదు. ఇలాంటి చోట సార్టింగ్ చేసేటప్పుడు ఎన్ని పోలికలు చేశామన్నదానికంటే ఎన్నిసార్లు రాశామన్నదే ముఖ్యం.

ముందు సెలెక్షన్ సార్ట్‌ను కాగితం మీద చేసి చూద్దాం. ఐదు గడుల్లో 42, 17, 35, 8, 26 ఉన్నాయనుకోండి. గడులను 0 నుంచి 4 వరకు లెక్కిద్దాం.

1. మొత్తం లిస్టులో అతి చిన్నది వెతకండి. నాలుగు పోలికల తర్వాత 8 దొరుకుతుంది. దాన్ని మొదటి గడిలోని 42తో మార్చండి. ఇప్పుడు 8, 17, 35, 42, 26. ఒక స్వాప్.

2. మిగిలిన నాలుగింటిలో మూడు పోలికలు చేస్తే 17 చిన్నదని తేలుతుంది. అది ఉండాల్సిన చోటే ఉంది కాబట్టి ముట్టుకోవద్దు.

3. 35, 42, 26లో చిన్నది 26. రెండు పోలికలు, ఒక స్వాప్. ఇప్పుడు 8, 17, 26, 42, 35.

4. చివరి రెంటికీ ఒక పోలిక, ఒక స్వాప్. పూర్తయింది: 8, 17, 26, 35, 42.

మొత్తం 10 పోలికలు, 3 స్వాప్‌లు. ఒక స్వాప్ అంటే రెండు గడుల్లో రాయడం, అంటే 6 రాతలు. ఇదే లిస్టును, ఒక్కో విలువను ముందున్న వరసలో దాని చోట దూర్చే ఇన్సర్షన్ సార్ట్‌తో చేస్తే పోలికలు 9కి తగ్గుతాయి కానీ రాతలు 11 అవుతాయి. పక్కపక్క విలువలను మార్చుకుంటూ పోయే బబుల్ సార్ట్‌లో 7 స్వాప్‌లు, 14 రాతలు. ఒక్క పోలిక ఆదా చేసుకోవడానికి ఐదు రాతలు ఎక్కువ ఖర్చు పెట్టడం ఈఈప్రామ్ మీద నష్టపు బేరమే.

కోడ్‌లో ఇలా ఉంటుంది:

```
int swaps = 0;
for (int i = 0; i < n - 1; i++) {
  int m = i;
  for (int j = i + 1; j < n; j++)
    if (EEPROM.read(j) < EEPROM.read(m)) m = j;
  if (m != i) {
    byte t = EEPROM.read(i);
    EEPROM.write(i, EEPROM.read(m));
    EEPROM.write(m, t);
    swaps++;
  }
}
```

కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. చిన్నది కనిపించిన ప్రతిసారీ `m` మార్చుకుని ఊరుకోకుండా, లోపలి లూప్‌లోనే స్వాప్ చేసేస్తారు. జవాబు సరిగ్గానే వస్తుంది కాబట్టి తప్పు బయటపడదు. మన లిస్టు మీద అలా చేస్తే 3 స్వాప్‌లు కాస్తా 7 అవుతాయి. దాన్ని పట్టించేది `swaps` లెక్క ఒక్కటే. ఐదు విలువలకు అది ఎప్పుడూ 4 దాటకూడదు. దాటిందంటే మీరు రాసింది సెలెక్షన్ సార్ట్ కాదు.

లిస్టు పెరిగితే తేడా బాగా తెలుస్తుంది. 100 విలువలకు సెలెక్షన్ సార్ట్ 4950 పోలికలు చేస్తుంది, స్వాప్‌లు మాత్రం 99 దాటవు. అంటే రాతలకు ఎక్కువలో ఎక్కువ 0.65 సెకను. కలగాపులగంగా ఉన్న లిస్టుకు బబుల్ సార్ట్ సగటున 2475 స్వాప్‌లు చేస్తుంది, రాయడానికే 16 సెకన్లు పోతాయి.

ఒక ప్రమాదం కూడా ఉంది. స్వాప్‌లోని రెండు రాతల మధ్య కరెంటు పోతే ఒక విలువ పోయినట్టే. మొదటి స్వాప్‌లో 8 రాశాక ఆగిపోతే లిస్టు 8, 17, 35, 8, 26గా మిగులుతుంది, 42 ఇక దొరకదు. ఒకే విలువ అనుకోకుండా రెండు చోట్ల కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి.

ఊనోలో ర్యామ్ 2048 బైట్లు. లిస్టు అందులో పడితే నా సలహా వేరు: ర్యామ్‌లోకి కాపీ చేసి, అక్కడ ఏ పద్ధతిలోనైనా సార్ట్ చేసి, `EEPROM.update`తో తిరిగి రాయండి. అది మారిన గడుల్లో మాత్రమే రాస్తుంది. మన లిస్టులో 17 కదలలేదు కాబట్టి 4 రాతలతో సరిపోతుంది. ర్యామ్‌లో చోటు లేనప్పుడే, ఉన్న చోటే సార్ట్ చేయాల్సి వచ్చినప్పుడే సెలెక్షన్ సార్ట్ అక్కరకొస్తుంది.

అప్పుడు కూడా లిస్టు ఎలా ఉందో చూసుకోవాలి. వరసగా ఉన్న లిస్టు చివర ఒక కొత్త రీడింగ్ చేరి 2, 3, 4, 5, 1 అయిందనుకోండి. సెలెక్షన్ సార్ట్ 4 స్వాప్‌లు, అంటే 8 రాతలు చేస్తుంది. ఇన్సర్షన్ సార్ట్ నాలుగింటిని ఒక్కో గడి జరిపి 1ని ముందు పెడుతుంది, 5 రాతలతో అయిపోతుంది. కాబట్టి రీడింగ్‌లు ఒక్కొక్కటిగా వస్తూ, వచ్చినదాన్ని వచ్చినట్టు సర్దుకునే పనికి ఇన్సర్షన్ సార్ట్ వాడండి. చాలా రీడింగ్‌లు అడ్డదిడ్డంగా పోగుపడ్డాక ఒకేసారి సర్దాలంటే సెలెక్షన్ సార్ట్ వాడండి.