ఖాళీ స్థలంలో నర్సరీ పెట్టే ముందు

అద్దె కాగితం రాసుకోకముందే స్థలంలో పల్లంగా ఉన్న మూల అడుగు లోతు గుంత తవ్వి, నిండా నీళ్లు పోయండి. ఇంకాక మళ్లీ నింపండి. మర్నాటికీ నీళ్లు నిలిచే ఉంటే అడుగున నీళ్లు ఇంకడం లేదన్నట్టే. వానలకు కవర్లలోని మొక్కల వేర్లు కుళ్లుతాయి. కంకర పోసి ఎత్తు చేసుకోవాలి, లేదా వదిలేయాలి. తవ్వేటప్పుడు నూనె వాసన వచ్చిందా, ఇక ఆలోచించకుండా ఆ స్థలం వదిలేయండి.

బోరు నీళ్లు నాలుగు కుండీలకు కొన్ని వారాలు పోసి చూడండి. మట్టిపై తెల్లటి పొర కట్టి, ఆకుల అంచులు మాడితే ఉప్పు ఎక్కువని అనుమానించాలి.

కవర్ల కింద నీళ్లు దిగే కలుపు మ్యాట్ పరవండి. లేదంటే వేర్లు నేలలోకి దిగుతాయి, ఖాళీ చేసే రోజున తెగి మొక్క వాడిపోతుంది. ఖాళీ చేయడానికి గడువు మాత్రం మూడు నెలలైనా రాయించుకోండి. పార్కింగ్ బండ్లలా మొక్కలు ఒక్కరోజులో కదలవు.