ఆఖరి నెల జీతంలో ఆదివారాలు మాయమైతే: సమస్య - పరిష్కారం

మా పిన్ని కొడుకు విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక షోరూంలో బిల్లింగ్ చేసేవాడు, జీతం 18,600. 2025 జులై 19, శనివారం ఆఖరి రోజని రిజైన్ లెటర్ ఇచ్చి, ఆ రోజు దాకా ఒక్క సెలవు కూడా పెట్టకుండా వెళ్లాడు. సెటిల్మెంట్‌లో వచ్చింది 10,200. "అన్నయ్యా, ఇదేటి, నోటీస్ కోసేసారా" అని ఫోను. స్లిప్ పంపమన్నాను, చూస్తే కోతలేం లేవు, "పెయిడ్ డేస్ 17" అని ఉంది. అక్కడే దొరికిపోయింది.

సమస్య: 19 రోజులు ఉద్యోగంలో ఉన్నా 17 రోజులకే జీతం పడింది

కారణం: రోజు రేటు కట్టేటప్పుడు 18,600ని 31తో భాగించారు, రోజుకి 600. నెలంతటినీ, అంటే నాలుగు ఆదివారాల్ని కూడా కలిపి భాగించారన్నమాట. కానీ రోజులు లెక్కపెట్టేటప్పుడు హాజరు పట్టీ చూసి 6, 13 తారీఖుల ఆదివారాలు తీసేసి 17 వేసారు. భాగించేటప్పుడు ఆదివారం లెక్కలో ఉంది, ఇచ్చేటప్పుడు లేదు, 1,200 అలా పోయింది.

ఇది తప్పని అకౌంటెంట్ గారితో వాదించక్కర్లేదు, ఒక్క పరీక్ష చాలు. అదే లెక్కని నెలంతా పనిచేసినోడికి వేసి చూడమనండి. జులైలో ఆదివారాలు తీసేస్తే 27 పనిరోజులు, 27 × 600 అంటే 16,200, ఒక్క రోజు కూడా మానని మనిషికి 18,600 రావాలి కదా, మరి మిగతాది ఏటైనట్టు? మావోడు ఈ ముక్క అడిగితే ఆయన కాలిక్యులేటర్ రెండుసార్లు కొట్టి చూసుకుని, "అవును బాబూ, షీట్‌లో వీక్లీ ఆఫ్ కాలమ్ కలపలేదు" అని ఒప్పుకున్నారు.

పరిష్కారం: పైనా కిందా ఒకే రకం రోజులు పెట్టాలి. క్యాలెండర్ రోజులైతే 19 × 600 = 11,400. పనిరోజులైతే 18,600ని 27తో భాగించి 17తో గుణించాలి, 11,711 వస్తుంది. రెండూ సరైన లెక్కలే, 311 తేడా ఎందుకంటే మొదటి 19 రోజుల్లో రెండే ఆదివారాలు, మిగిలిన 12 రోజుల్లోనూ రెండు ఉన్నాయి. మీ కంపెనీ ఏది వాడుతుందో అపాయింట్‌మెంట్ లెటర్‌లో లేకపోతే పాత స్లిప్ తీయండి, ఎప్పుడైనా జీతం లేని సెలవు పెట్టి ఉంటే రోజుకి ఎంత కోసారో చూడండి. 31 రోజుల నెలలో 600 కోసి ఉంటే క్యాలెండర్ పద్ధతే, కోసేటప్పుడు ఒకటి ఇచ్చేటప్పుడు ఇంకోటి అంటే ఒప్పుకోవద్దు.

సమస్య: మనం వేసుకున్న లెక్కే ఎక్కువొస్తోంది

మావోడూ ఇదే చేసాడు, ఎవరో చెప్పారని 26తో భాగించి 19తో గుణించి 13,592 రావాలన్నాడు. 26 అంటే ఆదివారాలు ముందే తీసేసిన సంఖ్య, గ్రాట్యుటీ లెక్కలో అదే ఉంటుంది కాబట్టి జనాలు అన్నింటికీ తగిలించేస్తారు. 26తో భాగిస్తే పనిరోజులు 17 మాత్రమే వెయ్యాలి, అప్పుడు 12,162. జులైలో 27 పనిరోజులు కాబట్టి ఇది కూడా పైన చెప్పిన పరీక్షలో ఒక రోజు ఎక్కువే చూపిస్తుంది, అందుకని కంపెనీ రూల్‌లో 26 అని రాసి ఉంటేనే అడగండి.

సమస్య: ఒక్క రోజు తక్కువ

ఎక్సెల్‌లో తారీఖులోంచి తారీఖు తీసేసి వదిలేస్తే 18 వస్తుంది, మొదటి రోజు లెక్కలోకి రాదు, ఒకటి కలపాలి.

```
=DATE(2025,7,19)-DATE(2025,7,1)+1
=NETWORKDAYS.INTL(DATE(2025,7,1),DATE(2025,7,19),11)
```

మొదటిది 19 ఇస్తుంది, రెండోది 17. చివరనున్న 11 అంటే ఆదివారం ఒక్కటే సెలవని. మీకు ఆఫ్ మంగళవారమైతే 13 వెయ్యాలి, అది మార్చకపోతే మీ ఆఫ్‌ని పనిరోజుగా లెక్కేస్తుంది.

సమస్య: శనివారంతో ఉద్యోగం మానేస్తే ఆ మర్నాటి ఆదివారం ఎవరిది?

లెటర్‌లో రాసిన తారీఖుది. 19 అని రాస్తే శనివారంతో ఉద్యోగం అయిపోయింది, 20 ఆదివారానికి జీతం అడగలేం. 20 అని రాసి కంపెనీ ఒప్పుకుని ఉంటే క్యాలెండర్ లెక్కలో ఇంకో 600 వచ్చేది. కొన్ని చోట్ల ఆఖరి రోజు పనిరోజే అవ్వాలని రూల్ పెడతారు, అది ముందే కనుక్కోండి. మావోడు 19 అనే రాసాడు కాబట్టి ఆ 600 వదిలేసుకున్నాడు, పోయిన 1,200 మాత్రం మంగళవారానికి అకౌంట్లో పడింది.