ల్యాబ్ రిపోర్టు చదవడం – 7వ పాఠం: టెస్టోస్టిరాన్ 228 అని వచ్చినప్పుడు

పోయిన పాఠం చివర ఒక రిపోర్టు ఇచ్చి, మీరేమంటారో రాయమన్నాను. 42 ఏళ్ల మనిషి, ఆరు నెలలుగా నీరసం, టోటల్ టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 228 నానోగ్రాములు. వచ్చిన జవాబులు దాదాపు అన్నీ ఒకటే: "హార్మోన్ లోపం ఉంది, ఇంజెక్షన్ మొదలుపెట్టాలి." ఇందులో నా తప్పూ ఉంది. కింది హద్దు చూడమని చెప్పాను గానీ, దానికంటే ముందు శాంపిల్ టైము చూడమని చెప్పలేదు. ఆ రిపోర్టు పైన కుడివైపు మూల "కలెక్టెడ్ 16:40" అని ఉంది. ఒక్కరూ దాని గురించి రాయలేదు.

అందుకని ఇవాళ చెప్పాల్సిన ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్, అంటే వృషణాలకి మెదడు నుంచి ఆర్డర్లు మోసే హార్మోన్లు, వాయిదా. ముందు ఈ 228 సంగతి తేల్చుకుందాం.

టెస్టోస్టిరాన్ రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారే వేళకి పెరిగి, సాయంత్రానికి తగ్గుతుంది. కుర్రవాళ్లలో ఈ తేడా ఎక్కువ, వయసు మీద పడ్డాక తక్కువ. తిండి సంగతి వేరే ఉంది. గ్లూకోజు తాగించి చూసిన పరీక్షల్లో గంటా రెండు గంటల్లోనే పావు వంతు దాకా పడిపోయింది. మన మనిషి మధ్యాహ్నం భోజనం చేసి, నాలుగున్నర దాటాక రక్తం ఇచ్చాడు. పైగా ఇది విడతలు విడతలుగా విడుదలయ్యే హార్మోన్. ఒకే మనిషికి, ఒకే టైముకి, వేర్వేరు రోజుల్లో అంకె మారుతుంది. మొదటిసారి తక్కువ వచ్చినవాళ్లలో సుమారు 30 శాతం మందికి రెండోసారి మామూలుగా వస్తుందని అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాల్లో ఉంది. ఒక్క అంకె పట్టుకుని మందు రాయకూడదనేది అందుకే.

సరైన శాంపిల్ అంటే పొద్దున 7 నుంచి 10 లోపు, ఏమీ తినకుండా, రాత్రి సరిగ్గా నిద్రపోయాక ఇచ్చింది. జ్వరంలోనో, పెద్ద జబ్బు నుంచి లేచిన వారంలోనో చేయించకూడదు. తక్కువ వస్తే మరో రోజు ఇదే పద్ధతిలో మళ్లీ చూడాలి. నేనైతే రెండు శాంపిళ్ల మధ్య రెండు వారాలు ఉంచుతాను, ల్యాబ్ మార్చను. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకి గడియారం కాదు లెక్క. వాళ్లు నిద్ర లేచాక రెండు మూడు గంటల్లోపు తీసుకుంటాను.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. షుగర్ కోసం ఏడున్నరకి పరగడుపున రక్తం తీస్తారు. టిఫిన్ చేసి రమ్మని పదింటికి మళ్లీ గుచ్చుతారు. టెస్టోస్టిరాన్ రాసిన చీటీ అప్పుడు బయటికి తీస్తారు, ఆ రెండో గుచ్చుడులోనే దానికీ ఒక ట్యూబు నింపుతారు. రిపోర్టులో టైము పొద్దున్నే అని ఉంటుంది, కడుపులో మాత్రం నాలుగు ఇడ్లీలు.

మన మనిషికి రెండు పొద్దుల్లో పరగడుపున చేయిస్తే 312, 300 వచ్చాయి. ఇక్కడ ఇంకో చిక్కు. ఎండోక్రైన్ సొసైటీ వాడే కింది హద్దు 264. అమెరికన్ యూరాలజీ వాళ్లది 300. ఒకరి లెక్కలో బాగానే ఉన్నాడు, ఇంకొకరి లెక్కలో గట్టు మీద ఉన్నాడు. ఇలాంటప్పుడే ఎస్‌హెచ్‌బీజీ కావాలి. ఇది లివర్ తయారుచేసే ప్రోటీన్, టెస్టోస్టిరాన్‌ని పట్టుకుని ఉంచుతుంది.

ఇంట్లో బియ్యం అనుకోండి. గాదెలో ఉన్నది ఎస్‌హెచ్‌బీజీ గట్టిగా పట్టుకున్నది. అంత తేలిగ్గా బయటికి రాదు. వంటింటి డబ్బాలో ఉన్నది ఆల్బుమిన్‌కి వదులుగా అంటుకున్నది. పొయ్యి మీద ఉన్న గిన్నెడు ఫ్రీ టెస్టోస్టిరాన్, మొత్తంలో 2-3 శాతం. టోటల్ అంటే ఈ మూడూ కలిపి. గాదె చిన్నదైతే ఇంట్లో మొత్తం బియ్యం తక్కువే తేలుతుంది, అన్నానికి మాత్రం లోటుండదు. మెదడు చూసుకునేదీ గిన్నెనే, గాదెని కాదు.

గాదెని చిన్నది చేసేవి: ఊబకాయం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, టైప్ 2 షుగర్, థైరాయిడ్ తగ్గడం, మూత్రంలో ప్రోటీన్ బాగా పోయే కిడ్నీ జబ్బు, స్టెరాయిడ్ మాత్రలు. పెద్దది చేసేవి: వయసు, థైరాయిడ్ పెరగడం, లివర్ సిర్రోసిస్, హెచ్ఐవీ, కొన్ని ఫిట్స్ మాత్రలు.

మన మనిషి నడుము 104 సెంటీమీటర్లు, మూడు నెలల షుగర్ సగటు చూపించే హెచ్‌బీఏ1సీ 7.1. ఎస్‌హెచ్‌బీజీ లీటరుకు 14 నానోమోల్స్ వచ్చింది, తక్కువే.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే విషయం. "సార్, ఎస్‌హెచ్‌బీజీ ఎందుకు, రిపోర్టులో ఫ్రీ టెస్టోస్టిరాన్ అని వేరే లైనుందిగా" అని ముగ్గురు రాశారు. ఆ లైను ఎలా వచ్చిందో చూడండి. చాలాచోట్ల అది ఒక కిట్‌తో నేరుగా కొలిచింది. ఆ కిట్ ఫ్రీని కొలుస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, చాలావరకు టోటల్ వెనకాలే నడుస్తుంది. గాదె చిన్నదై టోటల్ తగ్గిందా, ఆ కిట్ ఫ్రీ కూడా తగ్గిందని చూపిస్తుంది. అంటే మనం ఏ పొరపాటు పట్టుకోవడానికి ఆ పరీక్ష చేయించామో, సరిగ్గా అదే పొరపాటుని అది ఖాయం చేస్తుంది. డాక్టరుకేమో రెండు లైన్లూ ఎర్రగా కనిపిస్తాయి, రెండు సాక్ష్యాలు దొరికాయనుకుంటాడు. ఉన్నది ఒకటే సాక్ష్యం, రెండుసార్లు అచ్చయింది. ఎండోక్రైన్ సొసైటీ కూడా ఈ నేరు కిట్లు వద్దంటుంది. ఈక్విలిబ్రియం డయాలిసిస్ అనే పద్ధతి అన్నింటికంటే మంచిది, కానీ అన్నిచోట్లా దొరకదు. మిగిలింది లెక్క కట్టడమే. టోటల్, ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ మూడూ ఉంటే చాలు.

వెర్మూలెన్ సూత్రం 1999 నాటిది. టోటల్‌ని 28.84తో భాగిస్తే లీటరుకు నానోమోల్స్ వస్తాయి. 300 అంటే 10.4. ఆల్బుమిన్ డెసిలీటరుకు 4.3 గ్రాములుంటే లెక్క ఇలా తేలుతుంది:

```
10.4 = 23.4 × F + 14 × F / (1 + F)
```

మొదటి ముక్క ఫ్రీ, ఆల్బుమిన్ కలిపి, రెండోది గాదె. F అంటే ఫ్రీ, అదీ లీటరుకు నానోమోల్స్‌లోనే. 0.30 వేసి చూడండి: 7.02, 3.23 కలిపితే 10.25. కొంచెం తక్కువైంది. 0.305 వేస్తే 10.41. సరిపోయింది. తక్కువ అనడానికి చాలామంది వాడే హద్దు 0.22 దగ్గర. ఇతనికి లోపం లేదు.

మరి నీరసం? రాత్రి గురక పెడతాడని, మధ్యలో ఊపిరి ఆగినట్టుంటుందని భార్య చెప్పింది. నిద్ర పరీక్ష, షుగర్ మందు, బరువు, థైరాయిడ్, రక్తహీనత... దారి అటువైపు. ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే వృషణాలకి మెదడు పంపే ఆర్డర్లు ఆగిపోయి, వీర్యకణాలు పడిపోయేవి. అతను రెండో బిడ్డ కోసం చూస్తున్నాడు. ఆ మాట చీటీలో ఎక్కడా లేదు; అడిగితేనే తెలిసింది.

అభ్యాసం. 63 ఏళ్ల మనిషి, సన్నగా ఉంటాడు, ఏళ్ల తరబడి ఫెనిటాయిన్ వాడుతున్నాడు. నీరసం, కోరిక తగ్గింది. పొద్దున పరగడుపున రెండుసార్లు టోటల్ 390 దగ్గరే వచ్చింది, "నార్మల్" అని పంపించేశారు. ఎస్‌హెచ్‌బీజీ 82, ఆల్బుమిన్ 4.3. పైన 10.4, 14 ఉన్న చోట్ల ఇతని అంకెలు వేసి F కనుక్కోండి. 0.14 దగ్గరికి రాకపోతే టోటల్‌ని భాగించడం మరిచిపోయారని అర్థం. అంకెతో పాటు, అతని గాదె ఎందుకు పెద్దదైందో ఒక వాక్యంలో రాయండి. ఈసారి క్యాలిక్యులేటర్ యాప్ స్క్రీన్‌షాట్లు పంపొద్దు, చేత్తో వేసిన లెక్క కావాలి.