రిలే ఆఫ్ అయినా పంపు ఆగడం లేదా? మోటార్ లోడ్ దగ్గర 10 ఆంపియర్ల కాంటాక్ట్ ఎందుకు చాలదు

లక్షణం

ట్యాంకు నిండింది. కంట్రోలర్ మీద లైటు ఆరిపోయింది. అయినా పంపు తిరుగుతూనే ఉంది. రిలే మీద స్క్రూడ్రైవర్ పిడితో చిన్నగా తడితే టక్కుమని శబ్దం వచ్చి పంపు ఆగిపోతుంది. ఆ తర్వాత కొన్నాళ్లు అంతా మామూలే. మళ్లీ ఒకరోజు అదే తంతు, ఈసారి ఇంకాస్త గట్టిగా తట్టాల్సి వస్తుంది.

చాలామంది ముందు కంట్రోలర్ బోర్డునో, సెన్సార్‌నో అనుమానించి మార్చేస్తారు. కొత్త బోర్డులో కొత్త రిలే ఉంటుంది కాబట్టి కొంతకాలం పనిచేస్తుంది, తర్వాత అదీ అలాగే ఇరుక్కుంటుంది. కారణం బోర్డులో లేదు, రిలే లోపలి కాంటాక్ట్‌లో ఉంది.

ముందు తేల్చుకోవాల్సింది

పంపు ఆగకుండా తిరుగుతున్నప్పుడు రిలేని తట్టకండి. తడితే అతుకు ఊడిపోతుంది, దాంతో చూడాల్సిన ఆధారం కూడా పోతుంది. ముందు కాయిల్ రెండు కాళ్ల మధ్య వోల్టేజ్ చూడండి. అక్కడ ఇంకా 12 వోల్టులు ఉంటే తప్పు కంట్రోలర్‌దే, దాని ట్రాన్సిస్టరో ప్రోగ్రామో రిలేని వదలడం లేదన్నమాట. కాయిల్ దగ్గర సున్నా ఉన్నా పంపు తిరుగుతోందంటే కాంటాక్ట్ అతుక్కుపోయినట్టే. ఇక మెయిన్ స్విచ్ ఆపి, టెస్టర్‌తో సరిచూసుకుని, రిలే నుంచి మోటార్ వైరు విప్పి, COM, NO టెర్మినల్స్ మధ్య కంటిన్యుటీ చూడండి. కాయిల్‌కి సప్లై లేకుండానే మీటర్ మోగితే సందేహం తీరిపోతుంది. మోటార్ టెర్మినల్ బాక్స్ తెరిచే పని ఉంటే, సప్లై ఆపాక కూడా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

కారణం

ఒక కేసు తీసుకుందాం. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద నడిచే 1 హెచ్‌పీ పంపు, నేమ్‌ప్లేట్ మీద 7 ఆంపియర్లు. రిలే మీద ఉన్న అక్షరాలు 10A 250VAC. పైకి చూస్తే 3 ఆంపియర్లు మిగిలాయి, ఇబ్బంది ఏముంటుంది అనిపిస్తుంది.

కానీ 7 ఆంపియర్లు అనేది పంపు పూర్తి వేగంతో తిరుగుతున్నప్పటి మాట. తిరుగుతున్న మోటార్ తన వైండింగ్‌లో తానే ఒక ఎదురు వోల్టేజ్ పుట్టిస్తుంది, కరెంట్‌ని అదుపులో ఉంచేది అదే. స్విచ్ వేసిన క్షణంలో రోటార్ కదలకుండా ఉంటుంది, ఆ ఎదురు వోల్టేజ్ ఉండదు. కాబట్టి నడిచేటప్పటి కరెంట్‌కి సుమారు ఆరు రెట్లు లాగుతుంది. మన పంపులో అది 42 ఆంపియర్లు. వేగం అందుకునే దాకా, అంటే సెకనులో కొంత భాగం నుంచి ఒక సెకను వరకు, అది అలాగే ఉంటుంది. సప్లై వోల్టేజ్ తక్కువగా ఉంటే మోటార్ బలం తగ్గి ఆ సమయం ఇంకా పెరుగుతుంది.

కరెంట్ ఆరు రెట్లైతే వేడి ఆరు రెట్లు కాదు. వేడి కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి అదే రెసిస్టెన్స్‌లో 36 రెట్లు పుడుతుంది. అది కాసేపే ఉంటుంది కదా అనుకోవచ్చు. అసలు చిక్కు ఆ కాసేపట్లో కాంటాక్ట్ ఏం చేస్తోందన్న దాంట్లో ఉంది.

రిలే మూసుకునేటప్పుడు కదిలే కాంటాక్ట్ వచ్చి తగిలి, వెనక్కి ఎగిరి, మళ్లీ తగులుతుంది. ఇలా కొన్ని మిల్లీసెకన్లలో కొన్ని సార్లు జరుగుతుంది, దీన్నే బౌన్స్ అంటాం. 50 హెర్ట్జ్ సప్లైలో అర సైకిల్ 10 మిల్లీసెకన్లు. అంటే బౌన్స్ జరుగుతున్న వేళకే స్టార్టింగ్ కరెంట్ దాదాపు పూర్తిగా వచ్చేసి ఉండవచ్చు. కాంటాక్ట్ ఎగిరిన ప్రతిసారీ ఆ చిన్న సందులో ఆర్క్ లేస్తుంది, ఆ చోట వెండి మిశ్రమం కరుగుతుంది. స్వచ్ఛమైన వెండి కరిగేది 962 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆర్క్ వేడి దానికి చాలా పైన ఉంటుంది. కరిగిన లోహం మీదే కాంటాక్ట్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అది చల్లారితే వెల్డింగ్ అయినట్టే.

అతుకు చిన్నదైతే రిలే స్ప్రింగ్ దాన్ని లాగి తెంపేస్తుంది, బయటికి ఏమీ తెలియదు. కానీ తెగిన చోటు నున్నగా ఉండదు. పాత రిలే మూత కోసి భూతద్దంతో చూస్తే ఒక కాంటాక్ట్ మీద చిన్న మొన, ఎదుటి దాని మీద సరిగ్గా దానికి సరిపడే గుంట కనిపిస్తాయి. చుట్టూ నల్లటి మసి, అక్కడక్కడా చిమ్మిన వెండి చుక్కలు ఉంటాయి. తర్వాతిసారి కరెంట్ మొత్తం ఆ మొన గుండానే వెళ్లాలి కాబట్టి ముందుగా కరిగేది అదే. అందుకే మొదటిసారి ఇరుక్కున్నాక రెండోసారి త్వరగా, మూడోసారి ఇంకా త్వరగా వస్తుంది. చిన్న రిలేలో స్ప్రింగ్ బలం తక్కువ, చివరికి దానికి తెంపే శక్తి చాలదు.

ఆపేటప్పటి సంగతి వేరు. పూర్తి వేగంలో ఉన్న మోటార్‌ని ఆపితే దాని ఎదురు వోల్టేజ్ ఇంకా ఉంటుంది కాబట్టి తెరుచుకుంటున్న కాంటాక్ట్ మీద పడే వోల్టేజ్ తక్కువే, ఆర్క్ కూడా త్వరగానే ఆరుతుంది. ఇంపెల్లర్ ఇరుక్కుని తిరగని పంపుని ఆపితే మాత్రం 42 ఆంపియర్లనీ, పూర్తి వోల్టేజ్‌నీ ఒకేసారి తెంచాలి. పైగా అప్పుడు పవర్ ఫ్యాక్టర్ తక్కువ. కరెంట్ సున్నాకి వచ్చే క్షణంలో వోల్టేజ్ గరిష్ఠానికి దగ్గరగా ఉండి, ఆరిన ఆర్క్‌ని మళ్లీ రాజేస్తుంది. ఒక్కసారి ఇలా జరిగినా కాంటాక్ట్ ఆయుష్షు బాగా తరిగిపోతుంది.

మరి 10 ఆంపియర్లు అని ఎందుకు రాశారు?

అది అబద్ధం కాదు, హీటర్ లాంటి రెసిస్టివ్ లోడ్‌కి ఇచ్చిన అంకె. హీటర్‌కి ఎదురు వోల్టేజ్ అంటూ ఉండదు, మొదటి క్షణంలోనూ తర్వాతా దాదాపు ఒకే కరెంట్ లాగుతుంది. మోటార్‌కి చూడాల్సింది డేటాషీట్‌లో హెచ్‌పీ అని ఉన్న వరుస. ఒక 10 ఆంపియర్ల రిలేకి అక్కడ 240 వోల్టుల దగ్గర 1/2 హెచ్‌పీ అని ఉందనుకోండి. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ పట్టికలో 230 వోల్టుల 1/2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటార్‌కి 4.9 ఆంపియర్లు ఉంటుంది. దానికి ఆరు రెట్లు సుమారు 29 ఆంపియర్లు. అంటే 10 అని రాసి ఉన్న రిలే మోటార్ దగ్గర దాదాపు 5 మాత్రమే. అదే పట్టికలో 1 హెచ్‌పీకి 8 ఆంపియర్లు. మన కేసులో పంపు ఆ రిలే హద్దుకి రెట్టింపు. డేటాషీట్‌లో హెచ్‌పీ వరుసే లేకపోతే ఆ రిలేని మోటార్‌కి నేరుగా వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మోటార్ లాంటి పెద్ద లోడ్‌ల కోసం చేసిన పెద్ద రిలేలే కాంటాక్టర్లు, వాటి మీద ఇదే తేడా ఇంకా స్పష్టంగా రాసి ఉంటుంది. AC-1 అంటే రెసిస్టివ్ లోడ్, AC-3 అంటే మామూలుగా స్టార్ట్ చేసి, తిరుగుతుండగా ఆపే మోటార్. AC-3 కింద 9 ఆంపియర్లు ఉన్న కాంటాక్టర్‌కే AC-1 కింద 20 లేదా 25 అని ఉంటుంది. కొనేటప్పుడు పెద్ద అంకె చూసి మోసపోకూడదు.

పరిష్కారం

పాత రిలేని తీసేయనక్కర్లేదు, దాని పని మార్చాలి. రిలే కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే నడపాలి, కాంటాక్టర్ పంపుని నడపాలి. మన 7 ఆంపియర్ల పంపుకి AC-3 కింద 9 ఆంపియర్లున్న కాంటాక్టర్, 230 వోల్టుల కాయిల్‌తో సరిపోతుంది. ఆ కాయిల్ లాగే కరెంట్ ఆంపియర్‌లో చిన్న భాగమే, రిలే మీద భారం దాదాపు పోయినట్టే.

కాంటాక్టర్ కాయిల్ కూడా ఇండక్టివ్ లోడే కాబట్టి దాని A1, A2 టెర్మినల్స్ మధ్య స్నబ్బర్ పెట్టండి, అంటే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 100 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో. రిలే కాంటాక్ట్‌కి అడ్డంగా పెట్టకండి. అలా పెడితే రిలే ఆఫ్‌లో ఉన్నా 50 హెర్ట్జ్ దగ్గర ఆ కెపాసిటర్ గుండా సుమారు 7 మిల్లీఆంపియర్లు కారుతూ ఉంటాయి. చిన్న కాంటాక్టర్ వదలకుండా పట్టుకునే ఉండడానికి కొన్నిసార్లు అంత చాలు, పాత సమస్యే కొత్త రూపంలో వచ్చి కూర్చుంటుంది.

కాంటాక్టర్ కింద ఓవర్‌లోడ్ రిలే పెట్టి 7 ఆంపియర్లకి సెట్ చేయండి, దాని 95, 96 టెర్మినల్స్‌ని కాయిల్‌తో సిరీస్‌లో కలపండి. ఇరుక్కున్న పంపుని గుర్తించి ఆపేది ఇదే. సింగిల్ ఫేజ్‌లో వాడేటప్పుడు కరెంట్ మూడు పోల్స్ గుండా వెళ్లేలా వైరింగ్ చేయాలి. లేకపోతే ఫేజ్ పోయిందనుకుని అనవసరంగా ట్రిప్ అయ్యే రకాలు ఉన్నాయి.

రెండు రిలేలని ప్యారలల్‌గా కలిపితే సరిపోతుందని కొందరు అంటారు, అది పనిచేయదు. రెండు కాంటాక్ట్‌లు ఎప్పుడూ ఒకే క్షణంలో మూసుకోవు. ముందు మూసుకున్నదే 42 ఆంపియర్లూ ఒంటరిగా మోస్తుంది. కాంటాక్ట్‌ని ఆకురాయితో రుద్దడం కూడా వద్దు, ఉన్న కొద్దిపాటి వెండి పొర పోతుంది.

కొత్తది కూడా త్వరగా పాడైతే

ముందు కాయిల్ వోల్టేజ్ చూడండి. పంపు స్టార్ట్ అయినప్పుడు లైన్ వోల్టేజ్ దిగుతుంది. అదే లైన్ మీదున్న బలహీనమైన అడాప్టర్ 12 వోల్టుల బదులు ఏ 9 వోల్టులో ఇస్తే రిలే పట్టుకున్నట్టే ఉంటుంది కానీ పట్టు గట్టిగా ఉండదు. టకటకమని కొట్టుకునే శబ్దం వినిపిస్తుంటే కారణం తరచుగా ఇదే. మీటర్‌ని మిన్ మోడ్‌లో పెట్టి స్టార్ట్ చేస్తే ఎంత దిగిందో దాదాపుగా తెలుస్తుంది.

తర్వాత స్టార్ట్‌ల మధ్య గ్యాప్ చూడండి. ఫ్లోట్ స్విచ్ నీటి అలలకి ఊగుతున్నా, ప్రెషర్ ట్యాంకులో గాలి తగ్గిపోయినా, పంపు నిమిషానికోసారి ఆగి మొదలవుతూ ఉంటుంది. ప్రతి స్టార్ట్‌కీ 42 ఆంపియర్ల దెబ్బ తగలక తప్పదు. ఆన్, ఆఫ్ లెవెల్స్ మధ్య దూరం పెంచండి, కంట్రోలర్‌లో కొన్ని నిమిషాల డిలే పెట్టండి, ట్యాంకులో గాలి నింపండి.

చివరగా, పంపు నడుస్తుండగా కాంటాక్టర్ ఒక పోల్‌కి పైనా కిందా మీటర్ పెట్టి వోల్టేజ్ డ్రాప్ చూసి రాసిపెట్టుకోండి. కాంటాక్ట్ బాగుంటే అది కొన్ని పదుల మిల్లీవోల్టులు మాత్రమే ఉంటుంది. 7 ఆంపియర్ల దగ్గర అర వోల్టు కనిపిస్తే ఆ ఒక్క చోటే 3.5 వాట్ల వేడి పుడుతోందని అర్థం. ముందు టెర్మినల్ స్క్రూ బిగించి మళ్లీ చూడండి, అప్పటికీ తగ్గకపోతే కాంటాక్టర్ మార్చేయండి.