సంతకానికి ముందు నాణ్యత సమీక్ష ఎలా చేయాలి? ఒక విత్తన కంపెనీ ఫైలు ఆధారంగా

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఇద్దరు ముగ్గురు పార్ట్‌నర్లతో నడిచే ఆడిట్ సంస్థల పని ఎక్కువగా రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, సొసైటీలు, ట్రస్టుల చుట్టూ తిరుగుతుంది. వారి క్లయింట్లలో ఒకరు స్టాక్ ఎక్స్ఛేంజిలో చిన్న, మధ్యతరహా కంపెనీల కోసం ఉన్న ఎస్‌ఎంఈ వేదికపై షేర్లు లిస్ట్ చేశారనుకోండి. అప్పటి నుంచి ఆ ఆడిట్‌కు సంస్థ వద్ద పీర్ రివ్యూ సర్టిఫికెట్ ఉండాలి. ఆడిట్ నాణ్యత ప్రమాణాలైన ఎస్‌క్యూసీ 1, ఎస్‌ఏ 220 ప్రకారం ఎంగేజ్‌మెంట్ నాణ్యత సమీక్ష కూడా జరగాలి. అంటే ఆ ఆడిట్ బృందంలో లేని, తగిన అనుభవం ఉన్న మరో సీఏ ముఖ్యమైన నిర్ణయాలను సంతకానికి ముందే పరిశీలించాలి.

చాలా చోట్ల ఈ సమీక్ష మే చివరి వారంలో ఒక చెక్‌లిస్టుగా మారుతుంది. నలభై ప్రశ్నలు, నలభై 'అవును'లు, కింద ఒక సంతకం. నేషనల్ ఫైనాన్షియల్ రిపోర్టింగ్ అథారిటీ, అంటే ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ తప్పు పట్టింది ఇలాంటి సమీక్షలనే. 2018 అక్టోబరులో ఏర్పడిన ఈ సంస్థ, కొన్ని కేసుల్లో ఆడిట్ నివేదికపై సంతకం చేసిన పార్ట్‌నర్‌తో పాటు నాణ్యత సమీక్షకుడిపై కూడా జరిమానా, నిషేధం విధించింది. కాబట్టి 'నేను పైపైన చూశాను' అనే మాట సమీక్షకుడిని కాపాడదు.

ఆ సమీక్షను సరిగ్గా ఎలా చేయాలో ఒక ఊహాత్మక కంపెనీతో చూద్దాం. వరంగల్ దగ్గర పత్తి విత్తనాలు శుద్ధి చేసి డీలర్లకు అమ్మే కంపెనీ అది. ఏడాది టర్నోవర్ 62 కోట్లు, పన్నుకు ముందు లాభం 4 కోట్లు. ఆడిట్ బృందం లాభంలో 5 శాతం, అంటే 20 లక్షలను మెటీరియాలిటీగా, అంతకు మించిన తప్పును పట్టించుకోవాల్సిన హద్దుగా పెట్టుకుంది. ఎస్‌ఎంఈ వేదికపై ఉన్న కంపెనీ కాబట్టి ఇండ్ ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ ప్రమాణాలు వర్తించవు, పాత ఏఎస్ ప్రమాణాలే వర్తిస్తాయి.

ముందుగా సమీక్షకుడిని ఎంచుకోండి

క్లయింట్‌ను తెచ్చిన పార్ట్‌నరే తన పనికి సమీక్షకుడిని ఎంచుకోకూడదు. సాధ్యమైనంత వరకు ఆ నిర్ణయం సంస్థదే కావాలని ఎస్‌క్యూసీ 1 చెబుతుంది. ముగ్గురే పార్ట్‌నర్లున్న చోట ఇది ఇబ్బందే. ఒకరు సంతకం చేసేవారు, మరొకరు అదే కంపెనీ జీఎస్టీ పని చూస్తున్నవారు, మూడో వ్యక్తికి లిస్టెడ్ ఆడిట్ అనుభవం లేదు. అలాంటప్పుడు బయటి సీఏను ఒప్పందంపై తీసుకోవచ్చు. గోప్యత, స్వతంత్రతలపై రాతపూర్వక హామీ తీసుకోండి, ఫీజు ముందే తేల్చుకోండి. పక్క ఊరి సంస్థతో 'మీ ఫైలు మేం చూస్తాం, మా ఫైలు మీరు చూడండి' అనే ఒప్పందం నాకు నచ్చదు. రెండో ఏడాదికే అది మొహమాటంగా మారుతుంది. నిన్నటి దాకా ఆ ఆడిట్‌ను నడిపి సంతకం చేసిన ఎంగేజ్‌మెంట్ పార్ట్‌నర్‌గా ఉన్నవారిని నేడు సమీక్షకుడిగా కూర్చోబెట్టడమూ సరికాదు. ఎస్‌క్యూసీ 1 స్థానంలోకి వచ్చే ప్రమాణాల్లో ఒకటైన ఎస్‌క్యూఎం 2 ఇందుకు రెండేళ్ల విరామం కోరుతుంది.

మార్చిలోనే మొదలుపెట్టండి

ఫలితాల గడువు మే 30. ఫైలు 28న సమీక్షకుడి చేతికి వస్తే ఆయన చేయగలిగింది సంతకమే. బృందం ప్రణాళిక వేసే దశలోనే ఒకసారి కూర్చుని, ఈ ఆడిట్‌లో అసలు తీర్పు ఎక్కడ అవసరమో అడగాలి. ఫైలంతా మళ్లీ ఆడిట్ చేయడం సమీక్షకుడి పని కాదు. బృందం ఎక్కడ రెండు దారుల్లో ఒకటి ఎంచుకుందో అక్కడే ఆయన ఆగాలి.

మన కంపెనీలో అలాంటి చోటు స్పష్టంగానే ఉంది. ఒక్క మార్చిలోనే డీలర్లకు 9 కోట్ల విలువైన పత్తి విత్తనం వెళ్లింది, అదంతా అమ్మకంగా లెక్కలోకి వచ్చింది. నిరుడు మార్చిలో వెళ్లింది 5 కోట్లే. అమ్ముడుపోని ప్యాకెట్లను డీలర్లు తిరిగి పంపవచ్చు. అందుకోసం యాజమాన్యం 10 శాతం కేటాయింపు పెట్టింది. బృందం దానికి ఒప్పుకుంది.

సారాంశం కాదు, దాని వెనకున్న కాగితం చదవండి

బృందం రాసిన ముగింపు చూడటానికి ముచ్చటగానే ఉంది. డీలర్ల నుంచి బ్యాలెన్సు ధ్రువీకరణలు వచ్చాయి. ఏప్రిల్ 1 నుంచి మే 20 వరకు తిరిగి వచ్చిన సరుకును పరీక్షించారు. మార్చి సరుకులో 2 శాతం మాత్రమే వెనక్కి వచ్చింది. కాబట్టి 10 శాతం కేటాయింపు ఎక్కువే గానీ తక్కువ కాదని తేల్చారు.

ఆ ముగింపు దగ్గర సమీక్షకుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: పత్తి విత్తనం అసలు ఎప్పుడు తిరిగి వస్తుంది? మన ప్రాంతంలో తొలకరి పడ్డాక, జూన్, జులైల్లో పత్తి విత్తుతారు. విత్తడం ముగిసి, ఇక కొనే రైతు లేడని తేలాకే డీలరు మిగిలిన ప్యాకెట్లు కట్టలు కట్టి పంపుతాడు. అది ఆగస్టు, సెప్టెంబరు మాట. మే 20 నాటికి 2 శాతమే తిరిగి రావడంలో వింతేమీ లేదు, ఎందుకంటే అమ్మకాల సీజనే ఇంకా మొదలు కాలేదు. ఆ పరీక్ష శ్రద్ధగా చేసిందే, కానీ దాంతో ఏదీ రుజువు కాలేదు. ధ్రువీకరణలదీ అదే సంగతి. బిల్లు మొత్తం సరైనదేనని డీలరు రాసిచ్చాడు, ఎన్ని ప్యాకెట్లు తిరిగి పంపబోతున్నాడో అతన్ని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు సమీక్షకుడు రాతపూర్వకంగా రెండు ప్రశ్నలు పంపాలి, వరుస తప్పకుండా. మొదటిది, ఇది అసలు అమ్మకమేనా? పరిమితి లేకుండా తిరిగి ఇచ్చే హక్కు ఉంటే ఒప్పందం సారాంశాన్ని చూడాలని ఆదాయాన్ని ఎప్పుడు లెక్కలోకి తీసుకోవాలో చెప్పే ఏఎస్ 9 అంటుంది. కొన్ని సందర్భాల్లో అది కన్‌సైన్‌మెంట్, అంటే అమ్మిపెట్టమని పంపిన సరుకు మాత్రమే అవుతుంది, అప్పుడు 9 కోట్లూ ఈ ఏడాది ఆదాయం కావు. బృందం డీలరు ఒప్పందాన్నీ, కంపెనీ డీలర్లకు పంపిన సర్క్యులర్‌నూ తీసి చదివింది. తిరుగు సరుకు సెప్టెంబరు 30 వరకే తీసుకుంటారు, రవాణా ఖర్చు డీలరుదే, సరుకు అమ్ముడైనా కాకపోయినా 90 రోజుల్లో డబ్బు కట్టాలి. గత ఏడాది వసూళ్లు చూస్తే డీలర్లు నిజంగానే ఆ గడువులో కట్టారు. కాబట్టి ఇది అమ్మకమేనన్న నిర్ణయం నిలబడింది. ఆ కారణాలన్నీ ఫైలులోకి ఎక్కాయి.

రెండోది, కేటాయింపు ఎంత ఉండాలి? బృందం మూడేళ్ల మార్చి సరుకును సెప్టెంబరు దాకా అనుసరించింది. తిరిగి వచ్చింది 28, 32, 30 శాతం. 10 శాతం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే యాజమాన్యం దగ్గర 'ఎప్పటి నుంచో అలాగే పెడుతున్నాం' అన్న జవాబు తప్ప మరొకటి లేదు. 30 శాతం తీసుకుంటే 9 కోట్ల మీద 20 శాతం, అంటే 1.80 కోట్ల అమ్మకం ఇంకా వెనక్కి పోవాలి. స్థూల లాభం 40 శాతం అనుకుంటే లాభంలో కోత 72 లక్షలు. అది మెటీరియాలిటీకి మూడున్నర రెట్లకు పైనే.

యాజమాన్యం వాదన ఊహించదగినదే: 'ప్రతి ఏడూ ఇంతే, నిరుటి తిరుగు సరుకు ఈ ఏడు పడుతుంది, చివరికి సర్దుకుపోతుంది.' మార్చి సరుకు ఏటా ఒకేలా ఉంటే లాభనష్టాల ఖాతా వరకు ఈ మాటలో కొంత నిజముంది. అయితే నిరుడు 5 కోట్లు, ఈసారి 9 కోట్లు. 5 కోట్ల మీద ఇదే లెక్కన వచ్చే నిరుటి లోటు 40 లక్షలను ఈ ఏడాది లాభం ఇప్పటికే మోసింది, దాన్ని పక్కన పెట్టి చూసినా ఈ ఏడాదికి 32 లక్షల తేడా మిగులుతుంది. బ్యాలెన్సు షీటులో మాత్రం తేడా పూర్తిగా 72 లక్షలు. పైగా ఆ సమాచారం నిరుడు కూడా కంపెనీ దగ్గర ఉంది కాబట్టి, 40 లక్షలను ఏఎస్ 5 కింద గత కాలపు అంశంగా విడిగా చూపాలా అన్న ప్రశ్న కూడా లేస్తుంది. తిరిగి వచ్చే విత్తనం మొలకశాతం పరీక్షలో నెగ్గుతుందా, సరుకు విలువ తగ్గించాలా అన్నది మరో చర్చ. దాన్నీ రాసి ఉంచాలి.

ఇక్కడ ఒక హద్దు ఉంది. '30 శాతం పెట్టండి' అని సమీక్షకుడు చెప్పకూడదు. అలా చెబితే ఆయనా బృందంలో ఒకడైపోతాడు. ప్రశ్న ఆయనది, ఆధారం సేకరించి నిర్ణయించేది ఎంగేజ్‌మెంట్ పార్ట్‌నర్. ఇద్దరికీ కుదరకపోతే సంస్థ ముందే రాసుకున్న పద్ధతిలో భేదాభిప్రాయాన్ని తేల్చాలి. అది తేలేదాకా నివేదికకు తేదీ వేయకూడదు.

తేదీల విషయంలో

సమీక్ష పూర్తయిన తేదీ నివేదిక తేదీ కన్నా ముందుదో, అదే రోజుదో కావాలి. తనకు తెలిసినంతలో తేలని విషయం ఏదీ మిగలలేదని సమీక్షకుడు నమోదు చేయాలి. ఏ కాగితం ఏ రోజు చూశారో, ఏమడిగారో, జవాబు ఏమొచ్చిందో ఫైలులో కనిపించాలి. నోటి వివరణ ఉన్న కాగితాన్ని స్పష్టం చేయగలదే గాని, లేని కాగితానికి బదులు కాలేదు. నివేదిక తేదీ నుంచి సాధారణంగా 60 రోజుల్లో ఫైలు కూర్పు ముగించాలి. ఆ వ్యవధి సర్దుకోవడానికే, కొత్తగా ఆధారాలు పుట్టించడానికి కాదు. కంప్యూటర్‌లో ఫైలు చివరిసారి మార్చిన తేదీ తనిఖీదారులకు సులభంగా దొరుకుతుంది. జులైలో తయారైన కాగితంపై మే తేదీ ఉంటే, లోపలి లెక్క ఎంత సరైనదైనా ఫైలు మొత్తం మీద అనుమానం పడుతుంది.

దొరికిన లోపాన్ని సంస్థ స్థాయికి తీసుకెళ్లండి

కేటాయింపు సరిచేసి, సంతకం పెట్టి, అందరూ ఇళ్లకు వెళ్లిపోవడం మామూలే. అయితే బృందానికి ఆ పరీక్ష ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలి. 'ఆర్టికల్ కుర్రాడు చూసుకోలేదు' అన్నది కారణం కాదు, తప్పించుకోవడం. మన ఉదాహరణలో ఆ ఆడిట్ ప్రోగ్రామ్ ఒక సిమెంటు డీలర్‌షిప్ ఫైలు నుంచి కాపీ అయింది. సిమెంటు తిరిగి వస్తే నెల రోజుల్లోనే వస్తుంది, అక్కడ ఏప్రిల్-మే పరీక్ష చాలు. విత్తనాలకు దాన్ని ఎవరూ మార్చలేదు. మేనేజర్ సమీక్షలోనూ 'పరీక్ష చేశారా' అని చూశారే గాని 'ఈ పరీక్ష దేనికి పనికొస్తుంది' అని చూడలేదు.

కాబట్టి చేయాల్సిన పనులు కూడా ఆ కారణం నుంచే రావాలి. విత్తనాలు, పురుగుమందుల క్లయింట్ల ప్రోగ్రామ్‌లో తిరుగు సరుకును గత మూడు సీజన్ల చివరిదాకా అనుసరించే పరీక్షను చేర్చండి. డీలరు ధ్రువీకరణ పత్రంలో తిరుగు సరుకు షరతులను కూడా అడగండి. ఆపై సంస్థలోని మిగతా విత్తన కంపెనీల ఫైళ్లన్నీ బయటకు తీయండి, లిస్ట్ కానివి సైతం. అదే కాపీ వాటిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. ఇప్పటికే సంతకమైన నివేదికల్లో అదే లోపం కనిపిస్తే, దాని ప్రభావమెంతో లెక్కగట్టి, క్లయింట్‌తో ఏం మాట్లాడాలో పార్ట్‌నర్లు కూర్చుని రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

పూర్తయిన ఫైళ్లను సంస్థ తానే తనిఖీ చేసుకునే ఏర్పాటు కూడా ఎస్‌క్యూసీ 1లో ఉంది. సాధారణంగా మూడేళ్లకు మించని ఆవృతంలో ప్రతి ఎంగేజ్‌మెంట్ పార్ట్‌నర్ పని కనీసం ఒకటైనా అందులోకి రావాలి. వచ్చే విడతకు ఫైళ్లు ఎంచుకునేటప్పుడు ఒక విత్తన కంపెనీ ఫైలును తప్పకుండా కలపండి. కొత్త ప్రోగ్రామ్ అందులో ఉందా లేదా అన్నదానితో ఆగకండి. సెప్టెంబరులో నిజంగా తిరిగి వచ్చిన ప్యాకెట్ల లెక్క తెప్పించి, మేలో పెట్టిన కేటాయింపు పక్కన పెట్టి చూడండి. తేడా 20 లక్షలు దాటితే అడగాల్సిన ప్రశ్నలు మళ్లీ మొదటి నుంచి అడగాల్సిందే.