జనవరి మెయిన్ అయ్యాక, మార్చి ఇంటర్ పరీక్షకు ముందు చూసుకోవాల్సినవి

తెలంగాణలో ఎంపీసీ రెండో సంవత్సరం చదివేవారికి జేఈఈ మెయిన్ జనవరి విడత ముగియగానే ప్రాక్టికల్స్ వస్తాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీలకు 30 చొప్పున మార్కులు. రికార్డులు పూర్తయ్యాయో లేదో, సంతకాలు పడ్డాయో లేదో ముందే చూసుకోండి.

అసలు ప్రమాదం రాసే అలవాటు తప్పడం. మ్యాథ్స్ 2ఏ పేపర్‌లో 75 మార్కులకు 35 మార్కులు 7 మార్కుల ప్రశ్నలవే. ఈ లెక్క చూడండి:

`(1+i)^n + (1−i)^n = 2^((n+2)/2) cos(nπ/4)` అని నిరూపించాలి.

మెయిన్‌లో ఇలాంటిది వస్తే n = 2 పెట్టి, రెండు వైపులా 0 వస్తుందని చూసి ఆప్షన్ పెట్టేస్తాం. బోర్డులో అది నిరూపణ కాదు. ముందు `1+i = √2(cos π/4 + i sin π/4)` అని రాయాలి, `1−i` కూడా అలాగే. తర్వాత డిమోవర్ సిద్ధాంతం వాడుతున్నామని చెప్పి, n ఘాతం వేసి, రెండూ కూడాలి. మార్కులు ఈ మెట్లకే.

అందుకే ఫిబ్రవరి మొదటి వారంలోనే ఒక పాత పేపర్ 3 గంటలు టైమ్ పెట్టుకుని రాయండి. జవాబు తెలిసి కూడా పేపర్ పూర్తికాకపోతే, చెయ్యి వెనకబడిందన్నమాట. అప్పుడు రోజూ రెండు పెద్ద ప్రశ్నలు కాగితం మీద రాయాలి.

మెయిన్ ప్రాక్టీస్ పూర్తిగా ఆపకండి, ఏప్రిల్ విడత ఉంది. రోజుకు గంట చాలు. ఇంగ్లిష్, రెండో భాషలను చివరి రాత్రికి వదలకండి. ఎన్‌ఐటీ సీటుకు ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్ కావాలి.